ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టే ముందు: మూలల కోఆర్డినేట్లతో పొలం విస్తీర్ణం మీరే లెక్కకట్టండి

పాస్‌బుక్‌లో ఎకరా 20 సెంట్లు ఉంది, రీసర్వే తర్వాత చేతికొచ్చిన మ్యాప్ చూస్తే అంత లేదనిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి అనుమానం రాగానే చాలామంది సచివాలయానికో మీసేవకో వెళ్లి ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టేస్తారు. ఎఫ్-లైన్ అంటే హద్దులు కొలిచి చూపించడం. కాగితం మీద విస్తీర్ణం తప్పుగా పడితే దానికి వేరే దరఖాస్తు, అంటే రికార్డు సవరణ, పెట్టుకోవాలి. మీ తేడా ఈ రెండింటిలో దేనికి చెందుతుందో ముందే తేల్చుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. దాన్ని షూలేస్ ఫార్ములా అంటారు.

దీనికి కావలసింది ప్రతి మూలకూ ఈస్టింగ్, నార్తింగ్ విలువలు, అంటే ఆ మూల తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అన్నది, మీటర్లలో. శాటిలైట్ సంకేతాలతో పనిచేసే రోవర్ పరికరంతో కొలిచిన భూమికి ఇవి సర్వేయర్ దగ్గర ఉంటాయి, అడిగి రాయించుకోండి. ఇచ్చినవి డిగ్రీల్లో (16.39, 80.18 లాగా) ఉంటే నేరుగా లెక్కలో వేయకూడదు. మన అక్షాంశాల దగ్గర ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 110.7 కిలోమీటర్లయితే, తూర్పు పడమరలుగా 107 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ముందు మీటర్లలోకి మార్చిన విలువలే తీసుకోవాలి.

పల్నాడు వైపు ఐదు మూలల పొలం ఒకటి ఉందనుకుందాం. అంకెలు ఉదాహరణ కోసమే. అసలు ఈస్టింగ్‌లు 412320 లాగా, నార్తింగ్‌లు 1813215 లాగా ఉంటాయి. వాటినే గుణిస్తే పన్నెండు అంకెల సంఖ్యలు వచ్చి మామూలు కాలిక్యులేటర్‌లో చివరి అంకెలు ఎగిరిపోతాయి. అందుకే అన్ని ఈస్టింగ్‌ల నుంచి 412300, అన్ని నార్తింగ్‌ల నుంచి 1813200 తీసేద్దాం. పొలం మొత్తాన్నీ ఒకేలా జరిపాం కాబట్టి విస్తీర్ణం మారదు. మిగిలేవి ఇవి:

```
రాయి   ఈస్టింగ్   నార్తింగ్
1        20         15
2        98         27
3       110         84
4        62         70
5        28         92
```

గట్టు వెంట నడిచినట్టు ఒకే దిక్కుగా వెళ్లాలి. ప్రతి రాయి ఈస్టింగ్‌ను తర్వాతి రాయి నార్తింగ్‌తో గుణించి, అందులోంచి తర్వాతి రాయి ఈస్టింగ్‌ను ఈ రాయి నార్తింగ్‌తో గుణించినది తీసేయాలి. చివరి రాయి నుంచి మళ్లీ మొదటి రాయికి రావడం మరిచిపోవద్దు.

```
1→2:   20×27 − 98×15   =  −930
2→3:   98×84 − 110×27  =  5262
3→4:  110×70 − 62×84   =  2492
4→5:   62×92 − 28×70   =  3744
5→1:   28×15 − 20×92   = −1420
మొత్తం                 =  9148
```

దీన్ని సగం చేస్తే 4574 చదరపు మీటర్లు. గడియారం ముల్లు తిరిగే దిక్కులో వెళ్లి ఉంటే −9148 వచ్చేది. గుర్తు తీసేస్తే చాలు, పొలం అదే. సెంటుకు 40.4686 చదరపు మీటర్లు కాబట్టి 113 సెంట్లు, అంటే ఎకరా 13. తెలంగాణ వాళ్లయితే 101.17తో భాగించి 45.2 గుంటలు అంటారు. ఎక్సెల్‌లో అయితే ఈస్టింగ్‌లు B2 నుంచి, నార్తింగ్‌లు C2 నుంచి పెట్టి, ఏడో వరుసలో మొదటి రాయిని మళ్లీ రాసి ఇది కొట్టండి:

```
=ABS(SUMPRODUCT(B2:B6,C3:C7)-SUMPRODUCT(B3:B7,C2:C6))/2
```

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది వరుసలో. పై పొలంలో 4వ రాయి లోపలికి నొక్కుకుని ఉంది. 4, 5 రాళ్లను తారుమారు చేసి 1-2-3-5-4గా వేస్తే 3943 చదరపు మీటర్లు, అంటే 97 సెంట్లే వస్తుంది. గీసి చూసినా గీతలు ఎక్కడా అడ్డంగా దాటవు, నొక్కు ఉత్తరం నుంచి పడమరకు మారి పొలం మామూలుగానే కనిపిస్తుంది. అంటే రాళ్ల స్థానాలు తెలిసినంత మాత్రాన పొలం ఆకారం తెలిసినట్టు కాదు, ఏ రాయి తర్వాత ఏ రాయో కూడా తెలియాలి. ఇది పట్టుకోవడానికి గట్ల పొడవులు చూడాలి. రెండు రాళ్ల ఈస్టింగ్‌ల తేడా వర్గం, నార్తింగ్‌ల తేడా వర్గం కలిపి వర్గమూలం తీస్తే పొడవు వస్తుంది. 3 నుంచి 4కు 48, 14 తేడాలు కాబట్టి సరిగ్గా 50 మీటర్లు. అదే 3 నుంచి 5కు అయితే 82.4. మీ గట్టు ఎంతుందో మీకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. పాస్‌బుక్ ఎకరా 20 అంటోంది, లెక్క ఎకరా 13 అంటోంది. ఏడు సెంట్లు, అంటే 283 చదరపు మీటర్లు ఏమైనట్టు? ఒక్క రాయే జరిగి ఉంటే ఎంత జరిగి ఉండాలో కూడా చెప్పవచ్చు. ఏ రాయి జరిగినా మారే విస్తీర్ణం, దానికి అటూ ఇటూ ఉన్న రాళ్ల మధ్య దూరంలో సగాన్ని, ఆ రెంటినీ కలిపే గీతకు అడ్డంగా రాయి జరిగిన దూరంతో గుణించినంత. 4వ రాయికి అటూ ఇటూ ఉన్నవి 3, 5. మధ్య 82.4 మీటర్లు, సగం 41.2. ఏడు సెంట్లు పోవాలంటే ఆ రాయి దాదాపు 6.9 మీటర్లు లోపలికి రావాలి.

అంత జరిగిందా లేదా అన్నది పాత ఎఫ్‌ఎంబీ, అంటే గట్ల కొలతలు రాసి ఉండే సర్వే పుస్తకం, చెబుతుంది. దాని కొలతలు లింకుల్లో ఉంటే ఒక్కో లింకు 20.12 సెంటీమీటర్లు. అందులో 3-4 గట్టు 238 లింకులు (47.9 మీటర్లు), 4-5 గట్టు 188 లింకులు (37.8 మీటర్లు) ఉండి, ఇప్పుడు 50.0, 40.5 వస్తుంటే ఆ నొక్కు లోతైనట్టే. మిగతా గట్లు సరిపోతే తేడా ఉత్తరం హద్దులో ఉంది, ఎఫ్-లైన్ పెట్టుకోండి. అలా కాకుండా పాత పొడవులూ కొత్త పొడవులూ అన్నీ కలిస్తే నేల ఎక్కడికీ పోలేదు, ఎకరా 20 అన్న అంకే మొదటి నుంచీ తప్పు అయి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు సర్వేయర్ వచ్చి కొలిచినా ఆ ఏడు సెంట్లు దొరకవు. దస్తావేజులో హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన లేనప్పుడు కోర్టులు కూడా సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి.

ఫోన్‌లో కొలిచిన పాయింట్లతో మాత్రం ఈ తీర్పుకు రాకండి. ఆరుబయట కూడా ఫోన్ మూడు నాలుగు మీటర్లు తప్పు చూపడం మామూలే. 4వ రాయి ఒక్కటే 3 మీటర్లు తప్పినా మూడు సెంట్లు మారిపోతుంది. దీంతో పోలిస్తే మ్యాప్ మీది మీటరుకూ నేల మీది మీటరుకూ ఉండే తేడా లెక్కలోకే రాదు, ఎకరాకు రెండు మూడు చదరపు మీటర్లు అంతే.

దరఖాస్తుకు పాస్‌బుక్, 1బి, దస్తావేజు, ఆధార్ జిరాక్సులు తీసుకెళ్లండి. రీసర్వే పూర్తయిన ఊరైతే సర్వే నంబరుతో పాటు కొత్త మ్యాప్ మీది ఎల్‌పీఎం నంబరూ రాయండి. "నా భూమి తగ్గింది, కొలవగలరు" అని వదిలేయకుండా, ఏ రెండు రాళ్ల మధ్య గట్టు ఎఫ్‌ఎంబీలో ఎంత, ఇప్పుడు ఎంత అని రాస్తే సర్వేయర్ నేరుగా అక్కడికే వస్తారు. రసీదు మీద దరఖాస్తు నంబరు చూసుకోండి. కొలతకు ముందు పక్క రైతులకు నోటీసు వెళ్లాలి. అది అందలేదని వాళ్లు అంటే తర్వాత గొడవ మీ మెడకే చుట్టుకుంటుంది, కాబట్టి సర్వేయర్‌ను అడిగి నిర్ధారించుకోండి.

కొలత రోజున ప్రతి మూల కోఆర్డినేట్లనూ స్కెచ్ మీద రాయమని అడగండి. సంతకం పెట్టే ముందు అక్కడే కూర్చుని పై లెక్క మళ్లీ వేయండి. స్కెచ్‌లో రాసిన విస్తీర్ణానికీ మీకు వచ్చిన దానికీ సెంటులో పదో వంతు కన్నా ఎక్కువ తేడా ఉంటే, ఏ మూలో తప్పుగా ఎక్కించారు లేదా వరుస మారింది. అది సరిచేయించాకే సంతకం పెట్టండి.