మార్గశిర లక్ష్మివారానికి హాలు అలంకరించడం, శనివారానికి మళ్లీ మామూలుగా చేసుకోవడం

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో మార్గశిరం వస్తే ఒక చిక్కు ఉంది. ఒడియా వాళ్ల మార్గశిరం కార్తీక పున్నమి దాటగానే మొదలవుతుంది, మనది అమావాస్య దాటాక. ఇరుగుపొరుగుతో కలిసి గురువారాల లక్ష్మీపూజ చేసేవాళ్లకు వాళ్ల వారాలు, మన వారాలు కలిసి నెలన్నర దాకా సాగుతాయి. అన్నాళ్లూ హాలంతా పూలు, పిండి, వైర్లతో ఉంటే పిల్లలు ఎక్కడ చదువుకుంటారు, మనం ఎక్కడ కూర్చుంటాం? అందుకే ఏ వారానికి ఆ వారం తీసేయగలిగేట్టు అలంకరించుకోవాలి.

ఏదైనా కదిపేముందు హాలు నాలుగు మూలలూ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. సోఫా ఏ గోడకుంది, టీవీ వైరు ఎటు పోయింది అనేది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

బుధవారం: వెనక తెర

గోడకు మేకులు, సెల్లో టేపు వద్దు. టేపు లాగితే పెయింటు ఊడుతుంది, అద్దె ఇంట్లో అయితే ఆ గొడవ వేరే. కిటికీ కడ్డీ నుంచి పక్క కిటికీ కడ్డీకి గట్టి తాడు బిగించి, దాని మీద పాత పట్టుచీర మడిచి వేయండి. బంతిపూల దండలు తాడుకే కట్టండి. అవి గోడకు ఆనకుండా బెత్తెడు ఎడం ఉండాలి. వాడిన పూల తడి తగిలితే లేత రంగు గోడ మీద పసుపు చార పడుతుంది.

బుధవారం రాత్రి: ముగ్గు

ఇక్కడ ఒడియా ఇళ్లలో వేసే ఝోటి మన దగ్గరా అలవాటైపోయింది. తడి బియ్యప్పిండితో వేస్తారు. గడప నుంచి పీట దాకా అమ్మవారి పాదాలకు అర గ్లాసు బియ్యం చాలు. నాలుగైదు గంటలు నానబెట్టి, మిక్సీలో మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టండి.

చిక్కదనంలోనే ఉంది అసలు పని. ఓ మూల ఒక గీత గీసి ఆరనివ్వండి. ఎండాక బీటలు వారి పెచ్చులూడితే చిక్కగా ఉన్నట్టు, కొద్దిగా నీళ్లు కలపండి. గీత పక్కలకు పాకితే పల్చనైపోయింది, గిన్నె కాసేపు కదపకుండా ఉంచి పైన తేరిన నీరు వంచేయండి. ఎర్ర గచ్చు మీద ఇది బాగా పట్టుకుంటుంది. టైల్స్ మీద మాత్రం జిడ్డు ఉంటే అసలు నిలవదు, ముందు సబ్బునీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

పాదానికి పిడికిలి అంచును పిండిలో ముంచి నేల మీద అద్దండి, పైన వేలి కొనతో ఐదు చుక్కలు పెట్టండి. వేళ్లు లోపలి వైపే చూడాలి. పీట దగ్గర మొదలుపెట్టి గడప వైపు వెనక్కి రండి, లేకపోతే వేసిన పాదాలు మీరే తొక్కుతారు.

శనివారం పొద్దున: తీయడం

శుక్రవారం లక్ష్మిని కదపకూడదని చాలా ఇళ్లలో పట్టింపు. అందుకని శనివారమే మంచిది. ముందు కలశానికి ఉద్వాసన చెప్పి, ఆ నీళ్లు మొక్కకు పోసి, బియ్యం, కొబ్బరికాయ వంటింట్లో ఇచ్చేయండి. తర్వాత పూలు, ఆ తర్వాత చీర, తాడు. నేల అన్నిటికన్నా చివర, ఎందుకంటే పై నుంచి రాలేదంతా దాని మీదే పడుతుంది.

నేల మీద రాలిన పసుపు, కుంకుమ తడి తగలకముందే పొడి గుడ్డతో ఎత్తేయండి. పసుపు మరక మీద సబ్బు రాస్తే అది ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదూ, అలాగే. పీట మీద పరిచిన గుడ్డకు పసుపు అంటితే ఉతికి ఎండలో ఆరేయండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. దీపం నూనె చిందిన చోట పొడి బియ్యప్పిండి చల్లి, కాసేపాగి ఊడ్చేయండి.

ముగ్గు దగ్గర చాలామంది వేడినీళ్లు పోస్తారు. అది పచ్చి పిండి కదా, మరిగే నీళ్లు తగిలితే ఉడికి గంజిలా అతుక్కుంటుంది. చన్నీళ్లలో ముంచిన గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచి, ఆ తర్వాత రుద్దండి. యాసిడ్ జోలికి పోవద్దు, గచ్చయినా మొజాయిక్ అయినా తినేస్తుంది. ఆరాక నేల మీద తెల్లటి పొర కనిపిస్తే పిండి ఇంకా మిగిలుందన్నమాట. చీమలు వచ్చేది దానికే. శుభ్రమైన నీళ్లతో ఇంకోసారి తుడవండి. వాకిట్లో ముగ్గు మాత్రం కడగక్కర్లేదు, నడకలో అదే పోతుంది.

ఇక ఫోటో చూసి సామాను సర్దేయడమే. గుమ్మానికి మామిడి తోరణం ఒక్కటి ఉంచితే చాలు. చీర, తాడు ఆరాక ఒకే సంచిలో పెట్టండి, వచ్చే బుధవారం వెతుక్కోనక్కర్లేదు. మిగిలిన పిండి మాత్రం దాచకండి, వారంలో పులిసిపోతుంది. ముగ్గు వేసిన పూటే అట్లపిండిలో కలిపేయండి.