పెద్ద గెలుపు ఎన్ని నెలల్లో చేతికి వస్తుంది?

ఆన్‌లైన్ కాసినోలో డబ్బు జమ చేసే ముందే నిబంధనల పేజీలో విత్‌డ్రాయల్ పరిమితుల భాగాన్ని తెరిచి, వారానికి ఎంత, నెలకు ఎంత అన్న రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఉదాహరణకు వారానికి 5,000, నెలకు 15,000 అని ఉన్నచోట 60,000 గెలిస్తే, వారం లెక్కన 12 వారాల్లో అందుతుందని అనిపిస్తుంది గానీ, నెలవారీ పరిమితి మూడు వారాల చెల్లింపులతోనే నిండిపోతుంది కనుక నిజానికి అది నాలుగు నెలల వ్యవహారం.

పెద్ద మొత్తాలను వాయిదాల్లో చెల్లించే హక్కు తమకు ఉందన్న వాక్యం సాధారణంగా ఇదే భాగంలో ఉంటుంది. ఆడేవారి పందేలతో పెరుగుతూ పోయే బహుమతి, అంటే ప్రోగ్రెసివ్ జాక్‌పాట్‌కు మినహాయింపు ఉందా అనేది అక్కడే చూడాలి. కొన్ని సంస్థలు దానిని ఒకేసారి చెల్లిస్తాయి, మామూలు స్లాట్ గెలుపును మాత్రం ముక్కలు చేస్తాయి. అంతకంటే ముఖ్యంగా, మిగిలిన వాయిదాలు ఆట ఖాతాలోనే నిల్వగా కనిపిస్తాయా, లేక పందెం కాయడానికి వీలులేకుండా విడిగా ఉంటాయా అని కాసినో సహాయ చాట్‌లో అడిగి, జవాబును దాచుకోవాలి. నెలల తరబడి కళ్లెదుట ఉండే నిల్వ తిరిగి ఆటలోకే పోయే అవకాశం ఎక్కువ; నా దృష్టిలో ఈ నిబంధనలోని అసలు ప్రమాదం అదే.

కనిష్ఠ విత్‌డ్రాయల్ సంగతి చిన్నదే: అది 50 అయితే, చివర మిగిలే 30 బయటకు రాదు. అందువల్ల ఆఖరి విత్‌డ్రాయల్‌లో ఖాతా మొత్తాన్నీ ఖాళీ చేయాలి.