పిల్లి గురగురలాడుతోంది, కానీ ఏదో తేడాగా ఉంది: సమస్య - పరిష్కారం

ఒళ్ళో పడుకుని గురగురలాడే పిల్లిని చూస్తే దానికి ఏ లోటూ లేదనిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే. కానీ ఆకలేసినా, భయమేసినా, ఈనేటప్పుడు నొప్పులు పడుతున్నా, ఆఖరికి ప్రాణం పోయే స్థితిలో ఉన్నా పిల్లి అదే చప్పుడు చేస్తుంది. అందుకే చప్పుడు ఒక్కటే విని నిర్ణయానికి రాకూడదు. అది ఎప్పుడు, ఎక్కడ, ఏ భంగిమలో కూర్చుని గురగురలాడుతోందో కలిపి చూడాలి.

ముందు ఈ చప్పుడు ఎలా పుడుతుందో కాస్త తెలిస్తే తర్వాతివి సులువుగా అర్థమవుతాయి. గురగుర గొంతులోని స్వరపేటికలో పుడుతుంది. సెకనుకు సుమారు 25 నుంచి 30 సార్లు కంపించే ధ్వని ఇది. ఊపిరి తీసుకునేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా వస్తుంది, కాబట్టి మధ్యలో తెగినట్టు అనిపించదు. మెదడు పంపే సంకేతాలతో గొంతు కండరాలు గబగబా బిగిసి వదలడం వల్లే ఇది వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2023లో వియన్నా విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టియన్ హెర్బ్‌స్ట్ బృందం, జబ్బులతో చనిపోయిన 8 పిల్లుల స్వరపేటికల్లోంచి గాలి పంపి చూసింది. కండరాల ప్రమేయం ఏమీ లేకుండానే అంత తక్కువ స్థాయి కంపనాలు వచ్చాయి. పిల్లి స్వరతంత్రుల్లో మెత్తని దిండు లాంటి కణజాలం ఉంటుంది. దాని బరువు వల్లే ఇంత చిన్న జంతువుకి అంత బొంగురు చప్పుడు సాధ్యమవుతోందని వాళ్ళ అభిప్రాయం. బతికున్న పిల్లిలో మెదడు పాత్ర అసలు లేదని దీని అర్థం కాదు. కానీ గురగురకి పిల్లి పెద్దగా కష్టపడనక్కర్లేదని అర్థమవుతోంది. ఒంట్లో బాగాలేని పిల్లి కూడా గంటల తరబడి గురగురలాడగలదు.

సమస్య: తెల్లవారుజామునే మొహం మీదకొచ్చి, చెవిలో గుచ్చుకునేలా గురగురలాడుతోంది

కారణం చాలావరకు ఆకలి. 2009లో సస్సెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కారెన్ మెకోంబ్ తన పిల్లి పొద్దున్నే లేపే తీరు గమనించి, వేరే ఇళ్ళ పిల్లుల చప్పుళ్ళు కూడా రికార్డు చేయించారు. తిండి అడిగేటప్పటి గురగురలో, మామూలు బొంగురు చప్పుడుతో పాటు సన్నని ఏడుపు లాంటి స్వరం ఒకటి కలిసి ఉంది. అది పసిపిల్లల ఏడుపుకి దగ్గరగా ఉండే స్థాయి. పిల్లుల్ని ఎప్పుడూ పెంచని వాళ్ళకి వినిపించినా ఆ చప్పుడులో తొందర ఉందనే చెప్పారు.

దీనికి పరిష్కారం మన చేతిలోనే ఉంది. గురగుర మొదలవగానే లేచి గిన్నె నింపితే, ఇలా లేపితే తిండి వస్తుందని పిల్లికి మనమే నేర్పినట్టు. రాత్రి పడుకోబోయే ముందు కొంచెం తిండి పెట్టండి. పొద్దున ఒకే సమయానికి, అది చప్పుడు ఆపాక పెట్టండి. మొదటి వారం గోల ఇంకా పెరుగుతుంది, తట్టుకోవాలి. ఒక్క జాగ్రత్త: పదేళ్ళు దాటిన పిల్లి ఉన్నట్టుండి ఎంత తిన్నా చాలనట్టు అడుగుతూ, అదే సమయంలో చిక్కిపోతుంటే అది అలవాటు కాదు. థైరాయిడ్ గానీ షుగర్ గానీ అయ్యుండొచ్చు, రక్తపరీక్ష చేయించాలి.

సమస్య: ఒక మూల నక్కి కూర్చుని, పలకరించినా రాకుండా గురగురలాడుతోంది

ఇది నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. కుక్కలా మూలగదు. పుట్టిన కొద్ది రోజులకే కూన గురగురలాడడం మొదలుపెడుతుంది. తల్లి పక్కన పాలు తాగుతున్నప్పుడు వచ్చే ఆ చప్పుడే పెద్దయ్యాక బాధలో తనని తాను ఊరడించుకోవడానికి కూడా పనికొస్తుందని పశువైద్యులు అంటారు. గురగుర కంపనాలకి ఎముకలు అతుక్కుంటాయని, గాయాలు మానతాయని చాలామంది చెబుతారు. పిల్లుల విషయంలో అది రుజువు కాలేదు. ఆ నమ్మకంతో మాత్రం ఎదురుచూడొద్దు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా గండుపిల్లికి అప్పుడు అయిదేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పిల్లి. అన్నీ పొడి గింజల తిండే, నీళ్ళు అంతంతమాత్రంగా తాగేది. మే నెలలో ఒక మధ్యాహ్నం బాత్‌రూమ్‌లో నీళ్ళు పోయే జాలీ పక్కన ముడుచుకుని గట్టిగా గురగురలాడుతోంది. ఎండలకి చల్లని నేల వెతుక్కుందని అనుకున్నాను. సాయంత్రంలోపు ఇసుక ట్రేలోకి నాలుగుసార్లు వెళ్ళింది, ముక్కింది, వచ్చేసింది. మలబద్ధకం అనుకున్నాను. ట్రేలో చెయ్యి పెట్టి చూస్తే ఇసుక పొడిగానే ఉంది, పొద్దుటి నుంచి ఒక్క తడి ముద్ద కూడా లేదు. అప్పుడు వణుకు పుట్టింది. మూత్రం బంద్ అయింది.

ఆ రోజు దాని మొహాన్ని చదవడం తెలిసుంటే అంతసేపు ఆగేవాడిని కాదు. పిల్లి మొహంలో నొప్పిని కొలవడానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఒక పద్ధతి ప్రచురించారు. చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల ఎత్తు అని అయిదు చూస్తారు. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. మొత్తం 10కి 4 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే నొప్పికి మందు కావాల్సిన స్థితి అని లెక్క. పిల్లి మెలకువగా ఉన్నప్పుడు, తినకుండా, ఒళ్ళు నాక్కోకుండా ఉన్నప్పుడు ఓ అర నిమిషం చూస్తే సరిపోతుంది.

ఆ రోజు తీసిన ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంది. తర్వాత దాన్ని చూస్తూ లెక్క వేశాను. చెవులు ముందుకి నిలబడకుండా ఒకదానికొకటి కాస్త దూరంగా జరిగి ఉన్నాయి, 1. కళ్ళు చికిలించి ఉన్నాయి, 2. హాయిగా ఉన్న పిల్లి కూడా కళ్ళు సగం మూస్తుంది కానీ అప్పుడు రెప్పలు వదులుగా ఉంటాయి, నుదురు బిగిసి ఉండదు. మూతి గుండ్రంగా లేకుండా కొంచెం బిగుసుకుంది, 1. మీసాలు కిందికి వంగాల్సింది తిన్నగా ఉన్నాయి, 1. తల భుజాల కన్నా కిందికి వాలిపోయి ఉంది, 2. మొత్తం 7. అది గురగురలాడుతూనే ఉంది!

డాక్టర్ గారు పొట్ట తడిమి, మూత్రాశయం రాయిలా గట్టిగా ఉందన్నారు. మత్తిచ్చి గొట్టం వేసి కడిగారు, రెండు రాత్రులు అక్కడే ఉంచారు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. సన్నని ఇసుక లాంటి స్ఫటికాలు, జిగురు కలిసి గడ్డగా అడ్డుపడతాయి. మూత్రం వెనక్కి తన్నితే మూత్రపిండాలు పని మానేస్తాయి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే జరిగిపోగలదు. కాబట్టి మగపిల్లి పదేపదే ట్రేకి వెళ్తూ మూత్రం రావట్లేదంటే తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రైనా తీసుకెళ్ళండి. దారిలో పొట్ట నొక్కి చూడొద్దు, నిండిన మూత్రాశయం పగలొచ్చు. ఇప్పుడు మా పిల్లికి తడి తిండి ఎక్కువ పెడుతున్నాం, ఇంట్లో మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు పెట్టాం, రోజూ ట్రేలో తడి ముద్దలు లెక్కపెడతాం.

నొప్పి అన్నిసార్లూ మూత్రానిదే కాదు. పంటి నొప్పి, కీళ్ళ నొప్పి, మేడ మీంచి పడ్డ దెబ్బ కూడా ఇలాగే మూల పట్టిస్తాయి. ఏదైనా సరే, ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ళ మాత్రం వెయ్యకండి. పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క బిళ్ళతో ప్రాణం పోవచ్చు. తిండి పూర్తిగా మానేసిన పిల్లిని కూడా ఒక రోజుకు మించి చూస్తూ ఊరుకోవద్దు. ముఖ్యంగా లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త జబ్బు మొదలవుతుంది.

సమస్య: నిద్రలో కూడా గురగుర లాంటి చప్పుడు వస్తోంది, లేదా నోరు తెరిచి చప్పుడు చేస్తోంది

ఇది అసలు గురగుర కాకపోవచ్చు. గొంతు కింద వేలు మెత్తగా ఆనించండి. గురగుర అయితే లోపలికీ బయటికీ ఒకేలా సన్నగా వణుకుతుంది, పిల్లిని కదిపితే తరచూ ఆగుతుంది. ఒకవైపు ఊపిరిలోనే ఈల వేసినట్టో, తడిగా బుడబుడమన్నట్టో వస్తూ, కదిపినా ఆగకపోతే అది శ్వాస ఇబ్బంది. జలుబు, గొంతులో కాయ, ఆస్తమా, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం, వీటిలో ఏదైనా కావచ్చు.

గాఢనిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చెయ్యండి. గురగురలాడుతుండగా లెక్కపెడితే అంకె తప్పుతుంది. నిమిషానికి 30 లోపు ఉంటే మామూలే. రోజు రోజుకీ 30 దాటుతుంటే డాక్టర్‌కి చూపించాలి. ఆటలో అలుపు లేకుండానే నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే మాత్రం లెక్కలతో పనిలేదు, వెంటనే తీసుకెళ్ళాలి. ఆస్తమా ఉన్న పిల్లి ఇంట్లో దోమల కాయిల్, అగరొత్తుల పొగ, సాంబ్రాణి మానేస్తే దగ్గు తగ్గడం చాలామంది చూశారు.

సమస్య: ఎప్పుడూ గురగురలాడే పిల్లి ఉన్నట్టుండి ఆపేసింది

కొన్ని పిల్లులు పుట్టుకతోనే నెమ్మది. చెయ్యి ఆనిస్తే తప్ప తెలియదు, వాటి గురించి టెన్షన్ వద్దు. అలవాటున్న పిల్లి ఆపేసి, గొంతు బొంగురుపోయి, మింగడానికి కష్టపడుతుంటే స్వరపేటిక వాపు గానీ పక్షవాతం గానీ చూడాలి. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం లాంటివి జరిగి ఉంటే ఓ వారం ఎవరూ రాని గదిలో దాని పాత దుప్పటి వేసి వదిలెయ్యండి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒక పని చెయ్యండి. ఇంట్లో ఆ చప్పుడు వచ్చేటప్పుడే ఫోన్‌లో వీడియో తియ్యండి, మొహమూ డొక్కా రెండూ కనిపించేలా. అక్కడికెళ్ళాక పిల్లి భయానికి గురగురలాడితే గుండె చప్పుడు స్టెతస్కోపులో వినిపించదు. అప్పుడు చాలామంది డాక్టర్లు పక్కనున్న కుళాయి తిప్పుతారు. నీళ్ళ చప్పుడుకి పిల్లి ఓ క్షణం గురగుర ఆపి అటు చూస్తుంది, ఆ సందులో గుండె వింటారు. మీ డాక్టర్ గారు తిప్పకపోతే మీరే అడగొచ్చు.