ఇంటి యంత్రాల మరమ్మతు, 5వ పాఠం: వాషింగ్ మెషీన్ స్పిన్ తిరగనప్పుడు బీప్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

గత పాఠంలో మల్టీమీటరును బీప్ గుర్తు మీద పెట్టి తీగ తెగిందో లేదో చూడటం నేర్చుకున్నాం. ఆ పాఠం చివర ఒక మాట రాశాను. మెషీన్‌కు కరెంటు వస్తున్నా స్పిన్ తిరగకపోతే మూత స్విచ్చు, డోర్ లాక్, బెల్టు, మోటారు వరుసగా చూడమని, బీప్ రాని భాగాన్ని మార్చమని చెప్పాను. అందులో చివరి మాట తప్పు. దానివల్ల కొందరికి డబ్బు పోయింది. ఒకాయన తన ఫ్రంట్ లోడ్ మెషీన్ డోర్ లాక్ బీప్ అనలేదని కొత్తది కొన్నారు. కొత్తదీ బీప్ అనలేదు. దుకాణదారు మోసం చేశాడనుకుని ఇంకో దుకాణంలో మరొకటి కొన్నారు. అదీ అంతే. ఆయన దగ్గర ఇప్పుడున్న మూడు లాకులూ మంచివే. మరొకరికి మూత తెరిచి ఉండగా బీప్ వచ్చింది, వేశాక ఆగిపోయింది. స్విచ్చు పాడైందని ఆమె మార్పించారు. అదీ మంచిదే.

అందుకే బెల్టు పాఠం మొదలుపెట్టే ముందు డోర్ లాక్ సంగతి తేల్చుకుందాం. ఇక్కడ తొందర లేదు, ఎందుకంటే మెకానిక్కులు కూడా అనవసరంగా ఎక్కువగా మార్చే భాగం ఇదేనని నా అనుభవం.

ఫ్రంట్ లోడ్ డోర్ లాక్ గోడ మీద ఉండే లైటు స్విచ్చు లాంటిది కాదు. చాలా మెషీన్లలో లాకు లోపల మాత్రబిళ్ల ఆకారంలో ఒక వేడెక్కే ముక్క, దాన్ని ఆనుకుని వేడికి వంగే లోహపు పట్టీ ఉంటాయి. మీరు స్టార్ట్ నొక్కగానే ఆ బిళ్లకు కరెంటు అందుతుంది. రెండు మూడు సెకన్లలో, ఒక్కోసారి ఐదారు సెకన్లలో, పట్టీ వంగి పుల్లను కిందికి నెడుతుంది. తలుపు బిగుసుకుంటుంది. అదే కదలికతో లోపలి కాంటాక్టులు కలుస్తాయి. అప్పుడు గానీ మెషీన్‌ను నడిపే బోర్డుకు తలుపు పడిందన్న కబురు అందదు. అంటే లాకును విప్పి బల్ల మీద పెట్టి కొలిస్తే ఆ కాంటాక్టులు విడిపోయే ఉంటాయి. బీప్ రాకూడదు. వస్తేనే అనుమానించాలి, కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు.

మరి బల్ల మీద కొలవగలిగేది ఏమిటి? ఆ బిళ్లను. మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి, లాకుకు ఉన్న మూడు పిన్నులను రెండేసి చొప్పున జత చేసి చూడండి. ఏదో ఒక జతలో కొన్ని వందల నుంచి సుమారు పదిహేను వందల ఓమ్‌ల వరకు కనిపిస్తే ఆ రెండూ బిళ్ల పిన్నులు, బిళ్ల బతికే ఉంది. ఇక్కడ బీప్ గుర్తు పనికిరాదు. వంద ఓమ్‌లు దాటితే చాలా మీటర్లు బీప్ అనవు, కాబట్టి మంచి బిళ్ల కూడా చచ్చినట్లే కనిపిస్తుంది. మూడు జతల్లోనూ మీటరు ఏ అంకే చూపకపోతే బిళ్ల పగిలింది, అప్పుడు లాకు మార్చండి. కాంటాక్టులు నిజంగా కలుస్తున్నాయో చూడాలంటే 230 వోల్టులు పెట్టి కొలవాలి. అది ఇంట్లో చేయవద్దు. దానికి బదులు చెవి వాడండి. స్టార్ట్ నొక్కాక కొన్ని సెకన్లకు టక్ మనాలి. పని అయ్యాక ఒకటి రెండు నిమిషాలు తలుపు తెరుచుకోకూడదు, ఎందుకంటే బిళ్ల చల్లారడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. నొక్కిన క్షణమే టక్ మని, అయిపోయిన క్షణమే విడిచే లాకులూ కొన్ని ఉన్నాయి. వాటిలో బిళ్ల ఉండదు, విద్యుదయస్కాంతం ఉంటుంది.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఫ్రంట్ లోడ్ మెషీన్ తలుపు పడితే గానీ నీళ్లు కూడా తీసుకోదు. కాబట్టి అది నీళ్లు తీసుకుని, బట్టలు ఉతికి, స్పిన్ దగ్గర మాత్రమే ఆగితే, లాకు జోలికి వెళ్లాల్సిన పనే లేదు. ఆ మూడు లాకుల ఆయన మెషీన్ చక్కగా ఉతుకుతోంది. డ్రమ్ములో తడిసిన మందపాటి దుప్పటి ఒక్కటే ఉంది. బరువంతా ఒక పక్కకు చేరడంతో మెషీన్ వేగం అందుకోకుండా మానేసింది. రెండు తువ్వాళ్లు తోడు వేస్తే తిరిగింది.

ఏ మెషీన్ అయినా నేను మొదట అడిగేది ఇదే: ఉతుకుతోందా? ఉతకడానికీ స్పిన్‌కూ ఉమ్మడిగా అవసరమైన భాగాలను ఉతుకే పరీక్షిస్తుంది. ఇక మన ఇళ్లలో ఎక్కువగా ఉండే, పైనుంచి బట్టలు వేసే ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్ తీసుకుందాం. ఇక్కడ మూత స్విచ్చు లెక్క వేరు. చాలా మెషీన్లలో మూత తెరిచి ఉన్నా ఉతుకు సాగుతుంది, స్పిన్‌కు మాత్రం మూత పడి ఉండాలి. అందువల్ల బాగా ఉతికి స్పిన్ దగ్గర ఆగే మెషీన్‌లో మూత స్విచ్చును తప్పక చూడాలి.

ఈ స్విచ్చు సాధారణంగా మీటల పలక కింద, మూత కీలు దగ్గర ఉంటుంది. ప్లగ్గు తీసి, బోర్డు దగ్గర దాని రెండు తీగల కనెక్టరు ఊడదీసి అక్కడే కొలవండి, స్విచ్చు దాకా వెళ్లనక్కరలేదు. తీగ తెగినా, ఎలుక కొరికినా ఇక్కడే తెలిసిపోతుంది. కొలత ఒకటి కాదు, రెండు: మూత వేసి ఒకటి, తీసి ఒకటి. ఎక్కువ మెషీన్లలో వేస్తే బీప్, తీస్తే నిశ్శబ్దం. కొన్నింటిలో ఇది తిరగబడి ఉంటుంది. మనం వెతికేది బీప్‌ను కాదు, మార్పును. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే స్విచ్చో, దాని తీగో చెడింది. మార్పు వస్తే, కలిసి ఉన్న స్థితిలో ఓమ్‌లు కూడా చూడండి. ఒక ఓమ్ లోపు ఉండాలి. మూతను కొద్దిగా కదిపితే అంకె 5, 40, 12 అంటూ ఎగిరెగిరి పడుతుంటే కాంటాక్టులు మసిబారాయని అర్థం. కనెక్టరు పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే ముందు దాన్ని తుడిచి మళ్లీ కొలవండి.

మూత స్విచ్చు తీగలు రెండూ కలిపి టేపు చుట్టేసే మెకానిక్కులున్నారు. దయచేసి మీ ఇంట్లో అలా చేయనివ్వకండి. స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి ఏడు వందల చుట్ల దాకా తిరుగుతుంది. మూత తీస్తే ఆగని డ్రమ్ములో పిల్లవాడు చేయి పెడితే చొక్కా చేతిని పట్టుకుని లోపలికి లాగేస్తుంది. పరీక్ష కోసం కూడా నేను కలపను. మీటరు చెప్పేదీ అదే కదా.

ఇప్పుడు బెల్టు. ఇందాక ఉతుకే పరీక్షిస్తుందన్నాను కదా, ఆ మాటకు ఇక్కడొక మినహాయింపు ఉంది. అది మా పిన్ని వాళ్ల మెషీన్‌తో తెలుస్తుంది. రాజమహేంద్రవరంలో వాళ్లది 6.5 కిలోల టాప్ లోడ్. నీళ్లు తీసుకుంటోంది, ఉతుకుతోంది, నీళ్లు వదులుతోంది. స్పిన్‌కు రాగానే ఊఁ అని మూలిగి, డ్రమ్ము రెండు చుట్లు బరువుగా తిరిగి ఆగిపోతోంది. అప్పటికే వచ్చి చూసిన మెకానిక్కు మోటారు మార్చాలన్నాడు. నేను బట్టలన్నీ తీసేసి, ఖాళీ డ్రమ్ముతో స్పిన్ ఒక్కటే పెట్టించాను. జోరుగా తిరిగింది! రెండు తడి తువ్వాళ్లు, ఎదురెదురుగా, వేసి మళ్లీ పెట్టిస్తే ఆగింది. ఈసారి దగ్గరగా వంగి చూస్తే కాలిన రబ్బరు వాసన వచ్చింది.

ఉతికేటప్పుడు మోటారు తిప్పేది అడుగున ఉన్న పల్సేటర్ అనే రెక్కల పళ్లేన్ని మాత్రమే. స్పిన్‌లో నీళ్లు పీల్చిన బట్టలతో సహా డ్రమ్మంతా తిప్పాలి. వదులైన బెల్టు మొదటి పని నెట్టుకొస్తుంది, రెండో దానికి జారిపోతుంది. ప్లగ్గు తీసి, మెషీన్‌ను గోడకు వంచి కిందికి చూస్తే మోటారు కప్పీ చుట్టూ నేల మీద నల్లటి పొడి ఉంది. రెండు కప్పీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు రెండున్నర సెంటీమీటర్లు లోపలికి పోయింది. ఒక సెంటీమీటరు అటూఇటుగా ఉండాలి. పిన్నిని పల్సేటర్ గట్టిగా పట్టుకోమని, నేను మోటారు కప్పీని చేత్తో తిప్పాను. కప్పీ తిరిగింది, బెల్టు కదలలేదు.

మోటారును పట్టి ఉంచే బోల్టుల రంధ్రాలు పొడవుగా సాగి ఉంటాయి, మోటారు జరపడానికే అలా చేస్తారు. బోల్టులు వదులు చేసి మోటారును బయటికి లాగి బిగించాను. ఆ రోజు తువ్వాళ్లతోనూ తిరిగింది. రెండు వారాలకు మళ్లీ జారింది. కారణం, బెల్టు అంచులు అప్పటికే అద్దంలా నున్నబడ్డాయి. ఆ అంచులే కప్పీని పట్టేవి. కొత్త బెల్టు వేశాక ఇక జారలేదు. కాబట్టి అంచులు మెరుస్తుంటే బిగించే పని పెట్టుకోకండి. పాత బెల్టు మీద అచ్చయిన సంఖ్యను ఫోటో తీసుకుని అదే సంఖ్య ఉన్నది కొనండి. కొత్తది కదా అని తంబురా తీగలా బిగించవద్దు, బేరింగు అరిగి మెషీన్ గోల పెడుతుంది.

మోటారు గురించి తక్కువే చెబుతాను. ఈ మెషీన్లలో ఉతుకుకూ స్పిన్‌కూ ఒకటే మోటారు. ఉతుకులో పల్సేటర్ అటూ ఇటూ సమానంగా తిరుగుతుంటే మోటారు, దాని కెపాసిటర్ రెండూ దాదాపు మంచివే. ఉతుకులోనూ మూలిగి తిరగకపోతే ముందు కెపాసిటర్ చూడండి. దాన్ని ముట్టుకునే ముందు దాని రెండు కొనలకు 60 వాట్ల పాత తీగ బల్బు తగిలించి నిల్వ ఉన్న కరెంటు ఖర్చు చేయిస్తాను. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. మీటరు చూపే విలువ కెపాసిటర్ మీద రాసిన విలువ కన్నా పదో వంతుకు మించి తగ్గితే అదే విలువది వేయండి. అది బాగుంటే మోటారు మూడు తీగలను కొలవండి. ఉమ్మడి తీగ నుంచి మిగిలిన రెండింటికీ ఇంచుమించు ఒకే అంకె, ఆ రెండింటి మధ్య దానికి రెట్టింపు రావాలి. ఏ తీగ నుంచీ మోటారు ఇనుప ఒంటికి ఏ అంకే రాకూడదు. ఇన్వర్టర్ అని రాసి ఉన్న మెషీన్లకు ఈ కొలత వర్తించదు.

అభ్యాసం. ఈసారి గంటన్నర కేటాయించండి. బాగా నడుస్తున్న మెషీన్ పక్కన, గడియారం, కాగితంతో, మొదటి నుంచి చివరి దాకా కూర్చోండి. స్టార్ట్ నొక్కాక టక్ మనడానికి ఎన్ని సెకన్లు, నీళ్లు వదలడానికి ఎన్ని నిమిషాలు, స్పిన్ మొదలయ్యే ముందు కింది నుంచి వచ్చే చిన్న చప్పుడు ఎలాంటిది, పూర్తి వేగం అందుకోవడానికి ఎంతసేపు, తలుపు ఎప్పుడు విడిచింది, అన్నీ రాయండి. టాప్ లోడ్ వాళ్లు స్పిన్ నడుమ ఒకసారి మూత తీసి, డ్రమ్ము ఎన్ని సెకన్లలో ఆగిందో రాయండి, చేయి మాత్రం లోపల పెట్టకుండా. తర్వాత ప్లగ్గు తీసి మూత స్విచ్చు రెండు కొలతలూ ఆ కాగితం మీదే చేర్చండి. కాగితాన్ని మెషీన్ వెనక అతికించండి, చెడిపోయిన రోజున పోల్చుకోవడానికి పనికొస్తుంది.

స్పిన్ ముందు వచ్చే ఆ చిన్న చప్పుడు వచ్చే పాఠానికి కావాలి. మోటారు తిరిగి, బెల్టు కదిలి, అయినా స్పిన్‌లో డ్రమ్ము బదులు పల్సేటర్ మాత్రమే తిరుగుతుంటే, ఆ చప్పుడు చేసే క్లచ్ దగ్గరికే వెళ్లాలి.