ఉపవాసం, జాగారం ఉండే స్నేహితురాలికి శివరాత్రి శుభాకాంక్షలు ఎలా రాయాలి?

సంక్రాంతికో దీపావళికో పంపే మెసేజ్‌ని పేరు మార్చి శివరాత్రికి పంపితే కుదరదు. ఆ పండగల్లో అవతలివాళ్ళు పిండివంటలు తింటూ, చుట్టాలతో కబుర్లాడుతూ ఉంటారు. శివరాత్రి నాడు మీ స్నేహితురాలు పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని, రాత్రంతా గుళ్ళో కూర్చోవడానికి సిద్ధమవుతుంటుంది. కాబట్టి ముందు ఆవిడ ఆ రోజు ఎలా గడుపుతుందో తెలుసుకుని, ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టాలి.

మొదటి పని అదే. ముందురోజు మామూలుగా మాట్లాడుతూనే రెండు విషయాలు అడగండి. ఇంట్లోనే పూజా, లేక శివాలయానికి వెళ్తుందా? పాలూ పళ్ళూ తీసుకుంటుందా, లేక మంచినీళ్ళు కూడా ముట్టదా? ఇది తెలిస్తే "ఏదైనా కాస్త తినవే, నీరసం వస్తుంది" లాంటి మాట పండగ పూట మీ నోట రాదు. నేనొక ఏడాది సాయంత్రం ఆరింటికి "పొద్దున్నుంచి ఏమీ తినలేదా పాపం" అని పంపాను. నాది నిజంగా ప్రేమే, కానీ ఆవిడ ఇష్టంగా పట్టుకున్న దీక్షని నేను కష్టంగా చూశాను. మర్నాడు ఫోన్లో "పాపం అనకే, నాకు బాగుంటుంది ఆ రోజు" అంది. అప్పటినుంచి శివరాత్రి మెసేజ్‌లో జాలి అనేది రానివ్వలేదు. బీపీ, షుగర్ మందులు వాడే మనిషైతే, ఆ జాగ్రత్త ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, శుభాకాంక్షల్లో కలపొద్దు.

తర్వాత చూసుకోవాల్సింది వేళ. శివరాత్రి అంటే మాఘ బహుళ చతుర్దశి, 2026లో అది ఫిబ్రవరి 15, ఆదివారం వచ్చింది. ఆ రాత్రిని నాలుగు జాములుగా పంచుకుని అభిషేకాలు చేస్తారు. చాలాచోట్ల మొదటి జాములో పాలు, రెండో జాములో పెరుగు, మూడో జాములో నెయ్యి, నాలుగో జాములో తేనె. అర్ధరాత్రి లింగోద్భవ కాలం, అన్నిటికంటే ముఖ్యమైన ఘడియ. గుడికి వెళ్ళేవాళ్ళకి సాయంత్రం బయల్దేరకముందే మెసేజ్ అందాలి, అంటే నాలుగూ అయిదూ మధ్య పంపేయండి. సరిగ్గా లింగోద్భవం వేళకి ఫోన్ చేయడం మాత్రం వద్దు, అప్పుడు ఆవిడ కళ్ళన్నీ గర్భగుడి వైపే ఉంటాయి, సంచిలో ఫోన్ మోగిందంటే పక్కవాళ్ళు కూడా తిరిగి చూస్తారు. ఇంట్లో ఒక్కతే జాగారం చేస్తుంటే లెక్క వేరు. అలాంటి మనిషికి మూడింటి తర్వాత, కళ్ళు బరువెక్కే నాలుగో జాములో, ఒక చిన్న మాట ఎంతో తోడు. అయితే మీరు నిజంగా మెలకువగా ఉంటేనే పంపండి. "నీతోపాటు నేనూ మేలుకునే ఉన్నాను" అని ముందే రాసి పెట్టుకుని పంపి పడుకోవడం నాకు నచ్చదు.

ఇక దీవెన. అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఈడువాళ్ళని మనం ఆశీర్వదించం, వాళ్ళ కోసం దేవుణ్ణి అడుగుతాం. కాబట్టి "నిన్ను ఆశీర్వదిస్తున్నాను" కాదు, "ఆ పార్వతీ పరమేశ్వరులు నిన్ను చల్లగా చూడాలి" అని రాయాలి. వయసులో పెద్దావిడైతే "మిమ్మల్ని" అని మార్చి, "మీ దీవెనలు మాకూ ఉండాలి" అని ఒక ముక్క చేర్చండి, బాగుంటుంది.

ఒక పొరపాటు మాత్రం గట్టిగా చెప్పాలి. గంభీరంగా ఉంటుందని కొందరు "నీకు శివసాయుజ్యం కలగాలి", "కైలాసప్రాప్తి కలగాలి", "శివైక్యం చెందాలి" అని రాసేస్తారు. శాస్త్రపరంగా అవి గొప్ప మాటలే. కానీ మనవాళ్ళు ఎవరైనా పోయినప్పుడు వేసే ఫ్లెక్సీల మీదా, పేపర్లో వేసే ప్రకటనల్లోనూ ఉండేవి ఆ మాటలే. నిండు ప్రాణంతో పూజ చేసుకునే మనిషికి అవి పంపితే, చదివిన ఇంట్లోవాళ్ళ గుండె ఒక్కసారి గతుక్కుమంటుంది. ఆయురారోగ్యాలు, మనశ్శాంతి, చేసిన వ్రతం నిర్విఘ్నంగా పూర్తవడం, ఇవి అడగండి చాలు. అలాగే ఆ ఇంట్లో ఏడాది లోపల ఎవరైనా పోయి ఉంటే శుభాకాంక్షలు అన్న మాటే వదిలేసి, "శివుడు మీకు ధైర్యం ఇవ్వాలి" అని ఒక్క వాక్యంతో ఆగండి.

రాతలో కూడా ఒకటి చూసుకోండి. పంచాక్షరి "నమః శివాయ", లేదా కలిపి "నమశ్శివాయ". హడావిడిలో "నమశివాయ" అని కొట్టేస్తుంటాం, రోజంతా అదే జపం చేస్తున్న మనిషి కంటికి ఆ లోపం ఇట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు నేను నా స్నేహితురాలికి రాసింది చూడండి. మొదట రాసుకున్నది ఇలా ఉంది: "నీకు, నీ కుటుంబ సభ్యులకు మహాశివరాత్రి పర్వదిన శుభాకాంక్షలు. శివుని కృప ఎల్లప్పుడూ ఉండాలని కోరుకుంటున్నాను." తప్పేమీ లేదు, కానీ ఇది ఎవరికైనా పంపొచ్చు, ఉపవాసం ఊసే లేదు. ఆవిడ గుళ్ళో నాలుగు జాములూ కూర్చుంటుందని నాకు తెలుసు, కాబట్టి దాన్ని తీసేసి ఇలా రాశాను:

"ఓం నమః శివాయ. శివరాత్రి శుభాకాంక్షలే. ఈ రాత్రి నాలుగు జాముల పూజా నిర్విఘ్నంగా సాగాలి, లింగోద్భవం వేళకి నువ్వు స్వామి ఎదురుగానే ఉండాలి, రేపు పొద్దున తృప్తిగా పారణ చేసుకోవాలి. ఆ ఆదిదంపతులు నిన్నూ అన్నయ్యగారినీ పిల్లలనీ చల్లగా చూడాలి. మా పేరు చెప్పి ఒక్క మారేడు దళం వెయ్యి. జవాబు ఇప్పుడే రాయక్కర్లేదు, రేపు మాట్లాడుకుందాం."

ఇందులో మారేడు దళం ముక్క నాకు బాగా ఇష్టం. ఉపవాసం లేని నేను కూడా ఆ పూజలో కాస్త చేరినట్టు ఉంటుంది, ఆవిడకి నన్ను తలుచుకునే పని ఒకటి దొరుకుతుంది. "జవాబు రాయక్కర్లేదు" అన్నది కూడా కావాలనే పెట్టాను, లేకపోతే గుడికి బయల్దేరే హడావిడిలో అందరికీ థాంక్స్ కొట్టుకుంటూ కూర్చోవాలి. మెసేజ్‌తో పాటు శివలింగం ఫోటో పెట్టాలనిపిస్తే పెట్టండి, తినే వస్తువుల ఫోటోలు మాత్రం ఆ రోజు స్టేటస్‌లో కూడా పెట్టకుండా ఉంటే మంచిది.

పని అక్కడితో అయిపోలేదు. మర్నాడు పొద్దున స్నానం, పూజ అయ్యాక నైవేద్యం పెట్టి పారణ చేస్తారు, అప్పటికిగానీ వ్రతం పూర్తి కాదు. ఎనిమిదీ తొమ్మిదింటికి "పారణ అయిందా?" అని ఒక్క మాట పంపండి, నిన్న శుభాకాంక్షలు పంపినవాళ్ళలో ఈ మాట అడిగేది ఏ ఇద్దరో ఉంటారు. "ఇక హాయిగా పడుకో" అని మాత్రం తొందరపడి రాయొద్దు, జాగారం చేసినవాళ్ళు సాయంత్రం దాకా నిద్రపోకూడదని చాలా ఇళ్ళలో పట్టింపు ఉంటుంది. నా స్నేహితురాలికీ ఆ పట్టింపు ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆవిడకి కునుకు పట్టే టైమని నాకు తెలుసు కాబట్టి, ఫోన్ చేసి ఓ అరగంట గుడి కబుర్లు చెప్పించుకుంటాను.