సేల్ డీడ్ అనువాదం: ఫైనల్ కాపీ తీసే ముందు చూడాల్సినవి

మేడం, నమస్కారం. మీరు వాట్సాప్‌లో పంపిన దస్తావేజు ఫోటోల్లో కొన్ని చోట్ల అక్షరాలు కనబడలేదు. నేను సంతకం చేసి స్టాంపు వేయకముందే ఇవి ఒకసారి సరిచూడండి.

విస్తీర్ణం: రెండో పేజీ మడత మీద మధ్య అంకె చెరిగిపోయింది, 210 కావచ్చు, 240 కావచ్చు. అక్షరాల్లో రాసిన చోట ఫ్లాష్ వెలుగు పడింది. షెడ్యూల్‌లో కొలతలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి: తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 60. గుణిస్తే 2160 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 240 గజాలు. అందుకే 240 అని వేసి, కొలతల ఆధారంగా తీసుకున్నానని కింద రాశాను.

సర్వే నంబర్: 143 తర్వాత బై నంబరు 1 లాగానూ ఉంది, 7 లాగానూ ఉంది. దీన్ని లెక్కతో తేల్చలేం, ఊహించి రాస్తే భూమే మారిపోతుంది. అక్కడ ‘చదవలేని అంకె’ అనే పెట్టాను. ఒరిజినల్‌ను మడత విప్పి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, నిటారుగా పైనుంచి తీసి పంపండి. అప్పటికీ తెలియకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి.

మీ నాన్నగారి ఇంటిపేరు దస్తావేజులో ఉన్నట్టే రాశాను. పాస్‌పోర్టులో స్పెల్లింగ్ వేరుగా ఉంటే చెప్పండి, అనువాదకుల నోట్‌లో చేరుస్తాను. గుండ్రటి సీలు మీద తేదీ సగమే పడింది, కనిపించిన మేరకే ఇచ్చాను.