కిడ్నీ మార్పిడి తర్వాత షుగర్: మధ్యాహ్నం పూట చూడండి

మా బావగారికి కిడ్నీ మార్పిడి జరిగి మూడు వారాలైంది. రోజూ పరగడుపున చూస్తే షుగర్ 94, 98. ఆపరేషన్‌కు ముందు ఆయనకు షుగర్ లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రాలు నీళ్లు తెగ తాగుతుంటే, కొత్త కిడ్నీ బాగా పనిచేస్తోంది కాబోలు అనుకున్నాం. ఒకరోజు మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు అక్క గ్లూకోమీటర్‌తో చూసింది. 268!

కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా పొద్దున వేసుకునే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసలోన్ మధ్యాహ్నానికి షుగర్‌ను పైకి లేపుతుంది, తెల్లారేసరికి దాని పట్టు సడలుతుంది. అందుకే పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుంటే మోసపోతాం. దీనికి తోడు అదే పనికి ఇచ్చే మరో మందు టాక్రోలిమస్ క్లోమంలో ఇన్సులిన్ తయారీని తగ్గిస్తుంది. పైగా పాడైన కిడ్నీ ఇన్సులిన్‌ను ఒంట్లోనే ఎక్కువసేపు ఉండనిచ్చేది, కొత్తది త్వరగా వదిలించేస్తుంది. అలాగని ఈ మందులు సొంతంగా ఆపితే కిడ్నీకే ముప్పు. డోసు మార్చాల్సింది డాక్టరే.

మొదటి నెల కనీసం వారానికోసారి, తర్వాత ఏడాది నిండేదాకా మూడు నెలలకోసారి, ఆపైన ఏటా పరీక్ష చేయిస్తారు. ఇంట్లో మాత్రం మొదటి వారాల్లో మధ్యాహ్న భోజనం తర్వాత చూసుకోవడం మంచిది. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి బాగానే ఉందని మొదటి మూడు నెలలు ధీమాగా ఉండొద్దు. రక్తహీనత, రక్తం ఎక్కించడం వల్ల ఆ అంకె తప్పుగా తక్కువ చూపొచ్చు. ఇది నిజంగా డయాబెటిసేనా అన్నది డోసులు కుదురుకున్నాక, సుమారు 45 రోజులు దాటాక తేలుస్తారు. వైద్యం మాత్రం అప్పటిదాకా ఆగదు.

మొదట్లో సాధారణంగా ఇన్సులినే నమ్మకం. బావగారికి పొద్దున పూట ఎన్‌పిహెచ్ ఇన్సులిన్ 10 యూనిట్లు ఇచ్చారు. ప్రెడ్నిసలోన్ లేపే వేళకే ఇదీ పనిచేస్తుంది. కుదుటపడ్డాక మాత్రల్లో లినాగ్లిప్టిన్ సౌకర్యం, కిడ్నీ పనితీరును బట్టి దాని డోసు మార్చనక్కర్లేదు. మెట్‌ఫార్మిన్‌కు కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే ఇజిఎఫ్ఆర్ చూడాలి, 30 లోపైతే వద్దు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంలోకి షుగర్‌ను పంపేస్తాయి కాబట్టి మూత్రనాళ, జననాంగ ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది, తొలి నెలల్లో సాధారణంగా ఇవ్వరు. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్ర జోలికి పోకపోవడమే మేలు, షుగర్ పడిపోతే చాలాసేపు లేవదు.

మేం చేసిన తప్పు ఒకటుంది. ప్రెడ్నిసలోన్‌ను 20 నుంచి 10 మిల్లీగ్రాములకు తగ్గించినప్పుడు ఇన్సులిన్ సంగతి అడగలేదు. మూడో రోజు సాయంత్రం బావగారికి చెమటలు పట్టి చేతులు వణికాయి. చూస్తే 58. గ్లూకోజు నీళ్లు తాగించి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసి, డాక్టరుకు ఫోన్ చేశాం. అప్పటినుంచి అక్క షుగర్ నోట్‌బుక్‌లో ఆ రోజు వేసిన ప్రెడ్నిసలోన్ డోసుకు కూడా ఒక గడి గీసింది.